వాగు ఒడ్డు చెల్కకు వాలు కూడా రాయండి

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల వ్యవసాయ అధికారులకు, విస్తరణ అధికారులకు,

కొన్నేళ్లు మట్టి పరీక్ష బల్ల ముందు కూర్చుని, ఇప్పుడు కోరుట్ల దగ్గర ఒక వాగు పక్కన పసుపూ మక్కా వేసుకుంటున్నవాణ్ణి. వాగు ఒడ్డు పొలాల నుంచి, చెల్కల నుంచి వాననీటితో భాస్వరం ఎంత కొట్టుకుపోతుందో ముందే అంచనా వేసే పని గురించి రాస్తున్నాను. దానికి కావలసినవాటిలో సగం మీ చేతుల్లో ఇప్పటికే ఉంది. అది మట్టి ఆరోగ్య కార్డులో భాస్వరం అంకె. మిగతా సగం, అంటే నేల వాలు, ఏ కాగితం మీదా లేదు.

ముందు ఆ అంకె సంగతి. మన నేలల్లో భాస్వరాన్ని ఓల్సెన్ పద్ధతిలో చూస్తాం. మట్టిని సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో అరగంట కుదిపి, వడకట్టి, మాలిబ్డినం కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే అంత భాస్వరం. హెక్టారుకు 10 కిలోల లోపుంటే తక్కువ, 10 నుంచి 25 దాకా మధ్యస్థం, 25 దాటితే ఎక్కువ అని కార్డు మీద పడుతుంది. ఈ గీతలు గీసింది పంట కోసం. 25 దాటిన నేలలో ఇంకా డీఏపీ వేస్తే దిగుబడి పెద్దగా పెరగదు, ‘ఎక్కువ’ అన్నదానికి అర్థం అంతవరకే. ఆ నేల వాగులోకి భాస్వరం వదులుతోందని గానీ వదలడం లేదని గానీ ఆ మాట చెప్పదు. చాలామంది రైతులే కాదు, కొందరు అధికారులు కూడా ‘ఎక్కువ’ అని కనబడగానే అదే ప్రమాదం అనుకుంటారు, ‘మధ్యస్థం’ అంటే ఊపిరి పీల్చుకుంటారు. రెండూ పొరపాట్లే.

నేల ఎక్కడ కారడం మొదలుపెడుతుందో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో చూశారు. 1843 నుంచి గోధుమ పండిస్తున్న బ్రాడ్‌బాక్ చేను కింద మురుగు గొట్టాలున్నాయి. ఒక్కో మడి కింద నుంచి వచ్చే నీటిని పట్టి పరీక్షించి 1995లో ఫలితం ప్రకటించారు. ఓల్సెన్ భాస్వరం కిలో మట్టికి సుమారు 60 మిల్లీగ్రాముల దాకా నీటిలో భాస్వరం అంతంత మాత్రమే. అది దాటిన మడుల నుంచి ఒక్కసారిగా పెరిగింది. మన కార్డు లెక్కలోకి మార్చాలంటే 2.24తో గుణించాలి, అంటే హెక్టారుకు 134 కిలోలు. మన ‘ఎక్కువ’ గీత 25 దగ్గరుంటే అక్కడి నేల కారడం మొదలైంది 134 దగ్గర. అది వాళ్ల మట్టి, వాళ్ల గోధుమ, అదీ భూమి లోపలి నుంచి ఇంకి దిగిన నీరు. మన రేగడికి, ఎర్ర చెల్కకు ఆ గీత ఎక్కడుందో ఇక్కడే చూడాలి. ఆ మాటకు మళ్లీ వస్తాను.

అయితే మన వాగుల్లోకి భాస్వరం ఎక్కువగా పోయేది లోపలి నుంచి ఇంకి కాదు, పైనుంచి మట్టితో పాటు కొట్టుకుపోయి. భాస్వరం మట్టి రేణువును అంటిపెట్టుకుని ఉంటుంది. పెద్ద వానకు ముందు కదిలేది సన్నటి బంకరేణువులే, భాస్వరం ఎక్కువగా పట్టుకున్నవీ అవే. అందుకే కార్డులో మధ్యస్థం అని ఉన్న చెల్క కూడా వాలు మీద ఉండి, పక్కనే వాగుంటే, ఎర్రనీళ్లతో పాటు కిలోల లెక్కన పంపగలదు. ఒక లెక్క చూడండి. ఎకరం నుంచి ఒక వానాకాలంలో 4 టన్నుల మట్టి పోయిందనుకుందాం, కిలో మట్టిలో మొత్తం భాస్వరం 500 మిల్లీగ్రాములు అనుకుందాం. అప్పుడు పోయింది 2 కిలోల భాస్వరం. ఒక డీఏపీ బస్తాలో ఉండే అసలు భాస్వరం 10 కిలోలు కాబట్టి రైతుకు పోయింది బస్తాలో ఐదో వంతు, అతనికి అదేమంత పట్టదు. జలాశయాల్లో నీరు పచ్చబడే హద్దుగా చాలా దేశాల్లో తీసుకునే లెక్క లీటరుకు సుమారు 0.035 మిల్లీగ్రాములు. ఆ లెక్కన 2 కిలోలు 5 కోట్ల 70 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు తేగలవు. మట్టికి అంటుకున్నదంతా నాచుకు వెంటనే అందదు, కొంత అడుగున పేరుకుని తర్వాతెప్పుడో బయటికొస్తుంది. బస్తాలో ఐదో వంతుకూ అన్ని కోట్ల లీటర్లకూ మధ్య తేడా అంత పెద్దది కాబట్టే, పొలంలో కనబడని నష్టం చెరువులో కనబడుతుంది.

మన నీళ్లు ఎక్కడికి పోతాయో మీకు చెప్పనక్కర్లేదు. సిరిసిల్ల వైపువి మూలవాగు, మానేరు మీదుగా మిడ్ మానేరులోకి, అక్కడి నుంచి కరీంనగర్ తాగే దిగువ మానేరుకు. జగిత్యాల వైపువి గోదావరిలోకి, అంటే ఎల్లంపల్లికి. ఎల్లంపల్లి నీళ్లు హైదరాబాద్ కుళాయిల దాకా వెళ్తాయి.

ఇక వాలు. వాలు కొలవడానికి పరికరం కావాలని ఎవరో అన్నారు. గోడ కట్టే మేస్త్రీ దగ్గర ఉండే నీళ్ల గొట్టం చాలు. సన్నటి పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి గాలిబుడగలు పోనిచ్చి, పైన ఒకరు, కింద ఒకరు నేల మీద నిలువుగా పెట్టిన కర్రకు ఆనించి పట్టుకుంటారు. మధ్య 20 మీటర్ల తాడు. రెండు కొసల్లో నీటి మట్టం ఒకే ఎత్తులో నిలుస్తుంది కాబట్టి, నేల నుంచి నీటి మట్టం దాకా ఎంత ఎత్తుందో రెండుచోట్లా కొలిచి తీసేస్తే వాలు వస్తుంది. మా పసుపు చెల్కలో మొన్న చూశాను. పై కొసలో 62 సెంటీమీటర్లు, కింది కొసలో 132. తేడా 70. 20 మీటర్లంటే 2,000 సెంటీమీటర్లు కాబట్టి వాలు 3.5 శాతం. కళ్లతో చూస్తే చదునుగానే కనబడుతుంది. నలభై ఏళ్లుగా నడిచిన నేల అది, నేనైతే రెండు శాతం అని పందెం కట్టేవాణ్ణి.

ఒక జాగ్రత్త. తాడును చేను పొడవునా కాదు, నీళ్లు నడిచే దారి వెంట వేయాలి. మొదటి పెద్ద వానకు ఎర్రనీళ్లు ఏ దిక్కు పోతాయో రైతునడిగితే చెయ్యి చూపిస్తాడు. వాగుకు దగ్గరి కొసలో మళ్లీ ఒకసారి కొలవాలి, ఎందుకంటే చివరి పది మీటర్లలో నేల తరచు ఒక్కసారిగా దిగుతుంది, మట్టి తెగిపోయేది అక్కడే.

ఇప్పుడు ఈ రెండు అంకెలనూ ఎలా కలపాలి? 1993లో అమెరికాలో లెమున్యన్, గిల్బర్ట్ అనే ఇద్దరు భాస్వరం సూచిక ఒకటి తయారుచేశారు. నేలలో ఎంతుంది, ఎంత మందు వేశారు, ఎలా వేశారు, మట్టి కోత ఎంత, నీటి పరుగు ఎంత, ఇలా ఒక్కో గుణానికీ 1, 2, 4, 8 అని మార్కులిచ్చి, బరువులు కట్టి కూడమన్నారు. తర్వాత వచ్చినవాళ్లు కూడడం తప్పని చూపించి, మూలాన్నీ రవాణానూ గుణించడం మొదలుపెట్టారు. ఆ తేడా ఏమిటో మా వాగు దగ్గరి రెండు కమతాలతో చూపిస్తాను. నేను ఇచ్చుకున్న మార్కులు ఇవి: భాస్వరం 10 లోపు 1, 10 నుంచి 25 దాకా 2, 25 నుంచి 60 దాకా 4, ఆపైన 8. వాలు 1 శాతం లోపు 1, 1 నుంచి 3 దాకా 2, 3 నుంచి 5 దాకా 4, ఆపైన 8. వాలు గీతలు మన నేల సర్వేల వాళ్లు వాడేవే, మార్కులు మాత్రం నావి.

మొదటిది వాగును ఆనుకున్న వరి పొలం. ఏటా రెండు పంటలకూ ఎకరానికి రెండేసి బస్తాల డీఏపీ పడుతుంది. ఎకరానికి 25 క్వింటాళ్ల ధాన్యం వస్తే గింజలో ఇంటికొచ్చేది రమారమి 5 కిలోల భాస్వరం, వేసింది 20. మిగిలింది ఎన్నో ఏళ్లుగా పేరుకుని కార్డులో 72 ఉంది. మార్కు 8. వాలు అర శాతం, చుట్టూ ఒడ్లు. మార్కు 1. రెండోది నా పసుపు చెల్క. భాస్వరం 31, మార్కు 4. వాలు 3.5, మార్కు 4. కూడితే పొలానికి 9, చెల్కకు 8. అంటే పొలమే ఎక్కువ ప్రమాదం అని తేలుతుంది. గుణిస్తే పొలానికి 8, చెల్కకు 16. వాన పడ్డప్పుడు నా కళ్లతో చూసిందీ ఇదే. పొలంలో నీళ్లు ఒడ్ల మధ్య నిలబడ్డాయి, పసుపు చెల్కలోంచి ఎర్రటి ధార వాగులోకి పడింది. ఎంత భాస్వరం ఉన్నా దాన్ని మోసుకుపోయే నీటి పరుగు సున్నా అయితే పోయేదీ సున్నానే. కూడికలో ఒకటి సున్నా అయినా ఇంకొకటి మిగులుతుంది, గుణకారంలో మిగలదు. అందుకే గుణకారం.

మూడోది ఇంకొంచెం పైనున్న మక్క చెల్క. భాస్వరం 14, వాలు 4 శాతం, గుణిస్తే 8. అయితే వాగుకూ దానికీ మధ్య యాభై మీటర్ల గడ్డి బీడుంది, ఎర్రనీళ్లు అక్కడ నెమ్మదించి మట్టిని వదిలేస్తాయి. పెన్సిల్వేనియా రాష్ట్రంలో పొలం నుంచి నీటికి దూరం 150 అడుగుల లోపుందా అని ముందే అడుగుతారు, ఉంటే లోతుగా లెక్కవేస్తారు. 150 అడుగులంటే మనకు సుమారు 45 మీటర్లు. మన దగ్గర కూడా ఆ ఒక్క ప్రశ్నతో మొదలుపెడితే పని చాలా తగ్గుతుంది. ఒక్కో విస్తరణ అధికారికి ఉన్న వేల ఎకరాల్లో వాగుకు, ఒర్రెకు 45 మీటర్లలోపు పడేది కొద్ది భాగమే.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఇంకో ముద్ర అయిపోతుంది.

అన్నిటికంటే పెద్దది మట్టి నమూనా. కార్డు పథకంలో నీటిపారుదల ఉన్నచోట 2.5 హెక్టార్లకు ఒక నమూనా. మన కమతాలు ఎకరం, రెండెకరాలు కాబట్టి, ముగ్గురు నలుగురు రైతుల నేలంతా ఒకే సంచిలో కలుస్తుంది. వాగు ఒడ్డు మడికీ పైనున్న చెల్కకూ ఒకే అంకె వస్తుంది. దానికి తోడు నమూనా తీసే సూచనల్లో ఒడ్ల దగ్గర, కాలువల పక్కన, పెంటకుప్పలు వేసినచోట తీయొద్దని ఉంటుంది. పంట కోసమైతే అది సరైన సూచనే. మనం వెతికేది మాత్రం సరిగ్గా ఆ అంచునే కదా! గొర్రెల మంద పెట్టింది, పెంట దించింది, బస్తాలు విప్పింది తరచు ఆ అంచునే. నా చెల్కలో వాగు వైపు చివరి పది మీటర్ల నుంచి విడిగా ఒక నమూనా తీస్తే 31 బదులు 58 వచ్చింది. మార్కు మారలేదు గానీ, ఇంకొంచెం పెరిగితే మారేది.

లోతు ఇంకో చిక్కు. మనం ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు దాకా తవ్వి తీస్తాం. వాననీరు ముట్టుకునేది పైనున్న రెండున్నర సెంటీమీటర్ల పొరనే. మందును పైపైన చల్లి దున్నని చోట ఆ పొరలో భాస్వరం కింద కంటే చాలా ఎక్కువ, కార్డు దాన్ని పలుచన చేసి చెబుతుంది. వాగు ఒడ్డు కమతాలకు రెండో నమూనా 5 సెంటీమీటర్ల లోతు దాకానే తీయమని నా మనవి.

కొలమానాల గొడవ మరోటి ఉంది. కొన్ని కాగితాల మీద భాస్వరం అని, కొన్నిటి మీద పి2ఓ5 అని ఉంటుంది. భాస్వరం అంకెను పి2ఓ5లోకి మార్చాలంటే 2.29తో గుణించాలి, వెనక్కి రావాలంటే భాగించాలి. 72 అన్న అంకె పి2ఓ5 అయితే అసలు భాస్వరం 31 మాత్రమే, పై మార్కుల్లో 8 బదులు 4. నేను చూసిన కార్డుల్లో ఒకదాని మీద రెండిటిలో ఏదో రాయకుండానే వదిలేశారు. ముందు అది తేల్చుకోకుండా ఏ లెక్కా మొదలుపెట్టకూడదు.

మట్టి పరీక్షకూ వాలుకూ రెండిటికీ చిక్కని దారి ఒకటుంది. అది వరిది. పై లెక్కలో పొలానికి 8 వచ్చిందని చెప్పాను, అది వాన పరుగు లెక్క. కానీ కరిగెట చేసి, దుక్కి మందుగా డీఏపీ చల్లి, నాటు ముందు నీళ్లు ఎక్కువయ్యాయని ఒడ్డుకు గండి పెట్టి వాగులోకి వదిలేస్తే, ఆ బురదనీళ్లలో మట్టీ పోతుంది, కరిగిన మందూ పోతుంది. నేల వాలు అర శాతమైతేనేం, గండి దగ్గర వాలు నూటికి నూరు. ఇది వానతో సంబంధం లేకుండా, యాసంగిలో కూడా, ఒక్క పూటలో జరిగిపోతుంది. అందుకని వరి పొలాలకు వాలు గడి పక్కన ‘గండి వాగులోకా, కింది మడిలోకా’ అని రాస్తే చాలు. వాగులోకి అయితే మందు చల్లాక వారం రోజులు గండి పెట్టొద్దని చెప్పాలి. 72 ఉన్న పొలానికి అసలు రెండు పంటల పాటు డీఏపీ ఆపమనే చెబుతాను నేను, నత్రజని యూరియాతో ఇస్తే సరిపోతుంది. దిగుబడి తగ్గుతుందని భయపడేవాళ్లు పది గుంటల్లో ఆపి చూసుకోవచ్చు.

పసుపు చెల్క సంగతి వేరు. అక్కడ మందు తగ్గించడం కంటే బోదెలు తిప్పడం ముఖ్యం. మా వైపు నీళ్లు త్వరగా దిగాలని బోదెలు వాలు వెంటే తోలుతారు, ప్రతి బోదె వాగులోకి ఒక కాలువ అవుతుంది. పోయిన ఏడాది సగం చెల్కలో వాలుకు అడ్డంగా తోలించాను, చివర మూడు మీటర్ల గడ్డి వదిలాను. జూలైలో గట్టి వాన పడిన రోజు రెండు సగాల చివరా ఒక్కో లీటరు సీసా నింపి రాత్రంతా కదపకుండా పెట్టాను. పొద్దున చూస్తే వాలు వెంట బోదెల సీసాలో అడుగున రెండు వేళ్ల మందం మట్టి, అడ్డం బోదెల సీసాలో గోరంత. పసుపు కుళ్లుతుందేమో అని మా ఇంట్లో గొడవయింది. రేగడిలో అయితే ఆ భయం నిజమే, నీళ్లు నిలిస్తే దుంపకుళ్లు వస్తుంది. ఎర్ర చెల్కలో రాలేదు.

ఆ సీసా పరీక్షే లెక్క సరిగ్గా ఉందో లేదో చెప్పేది. 16 వచ్చిన కమతం సీసాలో 8 వచ్చినదానికంటే మట్టి తక్కువుంటే, మార్కులు తప్పు, సీసా కాదు. కరిగిన భాస్వరం మాత్రం సీసాలో కనబడదు. దానికి మీ ప్రయోగశాలలో మట్టికి వాడే అదే నీలం రంగు పద్ధతి పనికొస్తుంది, నీటిని సన్నటి ఫిల్టరులో వడకట్టి, తక్కువ గాఢతకు తగిన ప్రామాణిక ద్రావణాలు పెట్టుకుంటే.

ఇందాక వదిలేసిన మాట ఇక్కడ చెబుతాను. మన నేలల్లో భాస్వరం ఏ అంకె దగ్గర కారడం మొదలవుతుంది? జవాబు పొలాసలో ఉంది. అక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో 2000 వానాకాలం నుంచి వరి తర్వాత వరి వేస్తూ దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం నడుస్తోంది. ఏ మందూ వేయని మడి, నత్రజని ఒక్కటే వేసే మడి, సిఫారసు మోతాదు మడి, ఒకటిన్నర రెట్ల మడి, పెంట ఎరువు మడి, అన్నీ ఒకే నేల మీద పక్కపక్కన. అంటే ఒకే మట్టి, భాస్వరం మాత్రం రకరకాల మెట్ల మీద. ఒక్కో మడి నుంచి మట్టి తీసి, ఒక భాగాన్ని ఓల్సెన్ పద్ధతిలో, ఇంకో భాగాన్ని పలుచటి కాల్షియం క్లోరైడ్ నీటితో కుదిపి చూడాలి. రెండోది నేల నీటికి వదిలే భాస్వరానికి దగ్గరి కొలత. రెండు అంకెలనూ గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే, కొంతదూరం పడుకుని నడిచే గీత ఒకచోట లేస్తుంది. ఆ మలుపే మన 60. అది 40 కావచ్చు, 90 కావచ్చు. పొలాస శాస్త్రవేత్తలు కోరుట్ల, సిరిసిల్ల ఎర్ర చెల్కల మట్టి కూడా కొంత తెప్పించుకుని చూస్తే రెండు నేలలకూ రెండు మలుపులు దొరుకుతాయి. అప్పుడు నా 1, 2, 4, 8ని పక్కన పడేసి, ఆ మలుపు దగ్గర గీత గీయవచ్చు.

మీరు చేయవలసింది దీనికంటే చిన్నది. యాసంగి కోతలయ్యాక నమూనాల సంచులు పంపేటప్పుడు, వాగుకు 45 మీటర్లలోపున్న కమతానికి విడిగా ఒక సంచి కట్టించండి. దాని చీటీ మీద మూడు మాటలు ఎక్కువ రాయించండి: నీళ్లు నడిచే దారిలో వాలు ఎంత, వాగుకు మధ్య గడ్డి ఉందా, వరి అయితే గండి ఎటు. గొట్టంతో ఒక కమతం కొలవడానికి ఇద్దరికి పావుగంట పడుతుంది. మా ఊరి రైతువేదికలో చూపించమంటే గొట్టం, తాడు, కర్రలు నేనే తెస్తాను. గాలిబుడగలు పోగొట్టడం ఒక్కటే కొంచెం విసుగు.

ఇట్లు,
కోరుట్ల దగ్గర వాగు ఒడ్డు రైతు